ఆఫీసులో హాఫ్ డే టీమ్ బిల్డింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మేనేజర్లు, హెచ్ఆర్ వాళ్లు, "ఈసారి నువ్వు చూసుకో" అంటే కాదనలేకపోయిన సీనియర్లు ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దానికే వెళ్లొచ్చు. ఉదాహరణల కోసం ఒకే ఆఫీసును ఊహించుకున్నాను: విజయవాడలో మందుల షాపులకు సరుకు పంపే డిస్ట్రిబ్యూటర్, 24 మంది స్టాఫ్. ఆర్డర్లు తీసుకునేవాళ్లు, బిల్లింగ్, గోడౌన్, అకౌంట్స్ అంతా ఒకే బిల్డింగ్‌లో ఉంటారు.

## అసలు పెట్టాలా వద్దా అనుకునేటప్పుడు

హాఫ్ డే సరిపోతుందా? రోజంతా పెట్టి రిసార్ట్‌కి తీసుకెళ్తే బాగుంటుంది కదా?

ఒక సమస్య మీద ఒకటి రెండు నిర్ణయాలు తేలడానికి నాలుగు గంటలు చాలు. ఉదయం 9:30కి మొదలుపెట్టి మధ్యాహ్నం 1:15కి భోజనాలకు లేవొచ్చు. రిసార్ట్ ట్రిప్ తప్పేం కాదు, కానీ దాని పని వేరు. అక్కడ ఆటలు, ఫొటోలు, ప్రయాణమే రోజంతా తినేస్తాయి. పైగా అలాంటిచోట కలివిడిగా ఉండేవాళ్లు ఇంకా కలివిడిగా ఉంటారు, ఓ మూలన కూర్చునేవాళ్లు అక్కడా మూలనే కూర్చుంటారు.

భోజనం చివర్లోనే పెట్టండి. తిన్నాక మళ్లీ కూర్చోబెడితే ఎవరి బుర్రా పని చేయదు.

శనివారం పెట్టొచ్చా?

శనివారం సెలవైతే వద్దు. సెలవు పోయిందన్న చిరాకుతో వచ్చినవాళ్లు మనస్ఫూర్తిగా ఏమీ చెప్పరు. స్కూల్ నుంచి పిల్లల్ని తెచ్చుకోవాల్సినవాళ్లు 12 నుంచే గడియారం చూస్తుంటారు. మందుల డిస్ట్రిబ్యూటర్ లాంటి చోట నెలాఖరు, సోమవారం ఉదయం రద్దీ ఎక్కువ కాబట్టి నెల మధ్యలో బుధవారమో గురువారమో నయం. శుక్రవారం అనుకుంటే నమాజుకు వెళ్లేవాళ్లుంటారని గుర్తుంచుకుని ముందే ముగించండి. భోజనం ఆర్డర్ చేసే ముందు ఆ రోజు ఎవరెవరు నాన్‌వెజ్ తినరో, ఎవరికి ఉపవాసమో కనుక్కోండి. వెజ్ తినేవాళ్లకి పెరుగన్నం ఒక్కటే మిగిలితే, ఆ పూట చేసిందంతా పక్కకుపోయి అదే గుర్తుండిపోతుంది.

అంత్యాక్షరి, ట్రెజర్ హంట్ లాంటివి పెడితే చాలదా? అందరూ సరదాగా ఉంటారు.

అందరూ కాదు. అంత్యాక్షరిలో పాడేది ఐదారుగురు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. అందరి ముందూ పాడమనడం, డాన్స్ చేయమనడం కొందరికి నరకం. ముందురోజే సిక్ లీవ్ మెసేజ్ పెట్టేది వాళ్లే. సరదా కావాలంటే భోజనాల తర్వాత, ఇష్టమైనవాళ్లు ఉండేలా పెట్టుకోండి. వెళ్లిపోతానన్నవాళ్లని ఆపొద్దు.

టాపిక్ ఏం పెట్టాలి? "టీమ్ స్పిరిట్ పెంచుకోవడం" అంటే సరిపోతుందా?

సరిపోదు. అలాంటి టాపిక్ పెడితే చివరికి "మనమంతా ఒకరికొకరు సహకరించుకోవాలి" అన్న వాక్యం తేలుతుంది. అది పొద్దున కూడా అందరికీ తెలిసిందే. మనుషులు దగ్గరయ్యేది కలిసి ఒక పని తేల్చుకున్నప్పుడు. కాబట్టి పనికి సంబంధించిన ప్రశ్న ఒకటి తీసుకోండి.

దానికి రెండు పరీక్షలు. ఒకటి, ఆ ప్రశ్న గదిలో ఉన్న అన్ని విభాగాలనూ తాకాలి. రెండు, దాని జవాబులో కొంతైనా వాళ్ల చేతుల్లోనే ఉండాలి. "జీతాలు ఎందుకు పెరగడం లేదు?" అన్నది మొదటి పరీక్ష పాసవుతుంది, రెండోది తప్పుతుంది. మన మందుల ఆఫీసుకి మంచి ప్రశ్న ఇలా ఉంటుంది: "పొద్దున 11 లోపు వచ్చిన ఆర్డర్లు కూడా కొన్ని అదే రోజు ఎందుకు వెళ్లడం లేదు?" ఆర్డర్ తీసుకునేవాళ్లు బిల్లింగ్‌ని అంటారు, బిల్లింగ్ గోడౌన్‌ని అంటుంది, గోడౌన్ వాళ్లు "వాళ్లు అన్నింటికీ అర్జెంట్ అని రాస్తే ఏది ముందు తీయాలి?" అంటారు. ముగ్గురికీ ఇందులో పని ఉంది, ముగ్గురూ ఏదో ఒకటి మార్చగలరు. ప్రశ్నలో ఎవరి పేరూ, ఏ విభాగం పేరూ రాకుండా చూసుకోండి.

## ప్లాన్ వేసేటప్పుడు

మా ఆఫీసులో ఏడెనిమిది మంది మీటింగుల్లో నోరే విప్పరు. వాళ్లని ఎలా మాట్లాడించాలి?

మాట్లాడించాలన్న ఆలోచన ముందు పక్కన పెట్టండి. కావాల్సింది వాళ్ల మాట కాదు, వాళ్లకి తెలిసిన విషయం. మీటింగులో నోరెత్తని మనిషే టీ బండి దగ్గర అరగంట చెప్తాడు, గమనించే ఉంటారు. అంటే చెప్పడానికి లేక కాదు, చెప్పే పద్ధతి కుదరక.

కారణాలు మనిషిని బట్టి మారతాయి. కొందరికి ఆలోచించుకోవడానికి రెండు నిమిషాలు కావాలి, ఈలోపు చర్చ ఇంకెక్కడికో వెళ్లిపోతుంది. కొందరికి ఇంగ్లిష్ భయం. కొందరు కొత్తగా చేరారు. ఒకసారి ఏదో చెప్తే అందరూ నవ్వారని అప్పటినుంచి మానేసినవాళ్లూ ఉంటారు. వీటన్నిటికీ పనికొచ్చే మార్గం ఒకటుంది: ముందు ఎవరికి వాళ్లు కాగితం మీద రాయడం, తర్వాత పక్కనున్న ఒక్కరితో చెప్పుకోవడం, తర్వాత నలుగురు, ఆ తర్వాతే అందరూ. ఈ వరుస తలకిందులు చేయొద్దు. "ఏమంటారు అందరూ?" అని మొదలుపెడితే మొదటి నిమిషంలో మాట్లాడినవాళ్లే చివరిదాకా మాట్లాడతారు.

అందరూ కలిసి గట్టిగా చర్చిస్తేనే కదా కొత్త ఆలోచనలు వస్తాయి? రాయించడమేంటి, పరీక్షలాగా?

చాలామంది నమ్మకం అదే, కానీ పరీక్షించి చూస్తే అలా తేలలేదు. 1958లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో నలుగురు కలిసి చర్చించిన గుంపుల్ని, విడివిడిగా రాసిన నలుగురి ఆలోచనలు కలిపిన దానితో పోల్చారు. విడిగా రాసినవాళ్లవే ఎక్కువ వచ్చాయి. 1987లో డీల్, స్ట్రోబ్ అనే ఇద్దరు పరిశోధకులు ముఖ్య కారణం చూపించారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆగినంతసేపూ తమ ఆలోచన గుర్తుపెట్టుకోవడంతోనే సరిపోతుంది, కొత్తది పుట్టదు, ఉన్నది కూడా మర్చిపోతారు. ఇది గట్టిగా మాట్లాడేవాళ్లకీ నష్టమే. కాకపోతే నెమ్మదస్తులకి ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాళ్ల వంతు అసలు రాదు.

చర్చ అక్కర్లేదని కాదు. ఆలోచనలు పుట్టించడానికి రాత, వాటిలోంచి ఎంచుకోవడానికి చర్చ.

తెలుగులో నడపాలా, ఇంగ్లిష్‌లోనా?

అందరికీ వచ్చిన భాషలో. స్లైడ్ మీద ప్రశ్న ఇంగ్లిష్‌లో ఉన్నా నోటితో తెలుగులో ఇంకోసారి చెప్పండి. కాగితం మీద ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు రాసుకోవచ్చని మొదటే గట్టిగా ప్రకటించండి, మీరు రాసిన మొదటి నమూనా కూడా తెలుగులోనే ఉండనివ్వండి. నమూనా ఇంగ్లిష్‌లో ఉంటే ఎంత చెప్పినా అందరూ ఇంగ్లిష్‌లోనే కష్టపడతారు. హైదరాబాద్‌లో అయితే హిందీ, ఉర్దూ వాళ్లుంటారు, జంటలు కట్టేటప్పుడు అది చూసుకోండి. రాయడం అంతగా అలవాటు లేని ప్యాకింగ్ స్టాఫ్, డ్రైవర్లు ఉంటే పక్కనున్నవాళ్లు రాసిపెడతారు. అయితే చెప్పింది చెప్పినట్టే రాయాలి, "మంచి భాష"లోకి మార్చకూడదు.

మా ఎండీ గారిని పిలవాలా వద్దా? పిలిస్తే ఎవరూ మాట్లాడరు, పిలవకపోతే ఏదీ జరగదు.

రెండూ నిజమే. అందుకే ఆయన్ని రెండుసార్లు పిలవండి. మొదట్లో ఐదు నిమిషాలు: సమస్య ఏంటి, ఏవి మార్చుకునే స్వేచ్ఛ స్టాఫ్‌కి ఉంది, ఏవి కుదరవు. "ఈ ఏడాది కొత్త సాఫ్ట్‌వేర్ కొనం, కొత్త మనుషుల్ని తీసుకోం, మిగతావన్నీ మీ ఇష్టం" అని ఆయన నోటితోనే చెప్పాలి. ఇది చెప్పకపోతే సగం ఆలోచనలు "ఇంకో ఇద్దర్ని తీసుకోండి" దగ్గరే ఆగిపోతాయి. ఆ తర్వాత ఆయన వెళ్లిపోవాలి. వెనక కుర్చీలో కూర్చుంటానన్నా వద్దు, వెనక కూర్చున్న సార్ కూడా సారే.

12:20కి తిరిగొచ్చి, తేలిన ప్రతిదానికీ మూడింట్లో ఒక జవాబు చెప్పాలి: సరే, కుదరదు (కారణంతో సహా), లేదా ఫలానా తేదీలోపు చెప్తాను. "చూద్దాం" అన్నది జవాబు కాదని ఆయనకి ముందురోజే, విడిగా, మర్యాదగా చెప్పుకోండి. ఆ సంభాషణ జరపలేకపోతే ఈవెంట్ వాయిదా వేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ముందుగా మెయిల్‌లో ఏం పంపాలి?

వారం ముందు, ఒక పేజీ లోపే. ప్రశ్న ఉన్నదున్నట్టు, టైమ్‌టేబుల్, ఎవరితో కూర్చుంటారో, భోజనం సంగతి. "ఎవరినీ అందరి ముందు నిలబెట్టి మాట్లాడించం, ఆటలాడించం" అని ఒక వాక్యం తప్పకుండా రాయండి. నెమ్మదస్తులకి టెన్షన్ తగ్గేది ఆ వాక్యంతోనే. "సర్‌ప్రైజ్ ఉంది!" అని మాత్రం రాయొద్దు.

సామాను ఏం కావాలి?

24 మందికి నలుగురేసి కూర్చునే ఆరు టేబుళ్లు, ఏ4 కాగితాలు, స్టికీ నోట్స్, గోడకి అంటించడానికి చార్టులు, మాస్కింగ్ టేప్, గుండ్రటి స్టికర్లు. పెన్నులు కాకుండా స్కెచ్ పెన్నులు ఇవ్వండి. బాల్ పెన్‌తో రాసింది గోడ మీద అంటిస్తే రెండడుగుల దూరం నుంచే కనబడదు. టేబుల్‌కి ఒక్కో విభాగం నుంచి ఒకరు ఉండాలి, మేనేజరూ ఆయన కింద పనిచేసేవాళ్లూ ఒకే టేబుల్ మీద ఉండకూడదు. ఈ సీటింగ్ మీరే ముందు వేసి పేర్లు పెట్టండి. "ఎక్కడైనా కూర్చోండి" అంటే లంచ్ బ్యాచ్‌లే తిరిగి ఏర్పడతాయి.

మొత్తం టైమ్‌టేబుల్ ఒకసారి చెప్తారా?

9:30కి టీ. 9:45కి పెద్దాయన ఐదు నిమిషాలు, మీరు ఐదు నిమిషాలు. 9:55 నుంచి జంటల్లో పరిచయం. 10:15 నుంచి 11 దాకా సమస్య ఏంటో తవ్వడం: ఎనిమిది నిమిషాలు ఒంటరిగా రాత, పది నిమిషాలు జంటలో, పదిహేను నిమిషాలు టేబుల్‌లో, తర్వాత టేబుల్‌కి రెండేసి నిమిషాలు. 11కి ఇరవై నిమిషాల టీ. ఇది తగ్గించొద్దు, ఒంటరిగా ఊపిరి పీల్చుకోవాల్సినవాళ్లు ఉంటారు. 11:20 నుంచి 12 దాకా పరిష్కారాలు రాయడం, ఎంచడం. 12కి ఓట్లు. 12:20 నుంచి 1 దాకా ఎవరు ఏం చేస్తారో రాసుకోవడం. చివరి పావుగంట చదివి వినిపించడం, 1:15కి భోజనం. ఆలస్యమైతే పరిచయాల్లో కోయండి, చివరి నలభై నిమిషాల్లో మాత్రం వద్దు.

## ఆ రోజు గదిలో

పరిచయాలు ఎలా చేయాలి? ఐస్‌బ్రేకర్ ఏదైనా చెప్పండి.

రోజూ చూసుకునే మనుషులకి "మీ ఫేవరెట్ హీరో ఎవరు?" అక్కర్లేదు. వేర్వేరు విభాగాల వాళ్లని జంటలు చేసి, "మీ రోజులో నాకు కనబడని పని ఏంటి?" అని ఒకరినొకరు అడగమనండి, ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు. ఉదాహరణకి గోడౌన్ మనిషి, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ స్ట్రిప్పులు ఏరి పక్కన పెట్టడానికే పొద్దున గంట పడుతుందంటాడు. బిల్లింగ్ అమ్మాయికి ఆ మాట తెలియదు. తొమ్మిదికే పంపిన బిల్లు పదింటిదాకా ఎందుకు కదలదో ఆమెకి అప్పుడు అర్థమవుతుంది. అందరి ముందూ తిరిగి చెప్పించకండి, జంటలోనే ఉండనివ్వండి.

కాగితాలు చేతులు మార్చే పద్ధతి గురించి విన్నాను. అదెలా చేస్తారు?

దాన్ని బ్రెయిన్‌రైటింగ్ అంటారు. 1968లో బెర్న్‌డ్ రోర్‌బాక్ అనే జర్మన్ దీన్ని 6-3-5 పేరుతో పరిచయం చేశాడు: ఆరుగురు, మూడేసి ఆలోచనలు, ఐదేసి నిమిషాలు. నలుగురి టేబుల్‌కి ఇలా సర్దుకోండి.

ఒక్కొక్కరికీ ఒక ఏ4 కాగితం, దాని మీద మూడు నిలువు గళ్లు, నాలుగు అడ్డ వరుసలు. పైన ప్రశ్న. మొదటి ఐదు నిమిషాలు అందరూ మౌనంగా తమ కాగితంలో మొదటి వరుస నింపుతారు. టైమర్ మోగగానే కాగితం కుడివైపు మనిషికి. అందుకున్నవాళ్లు పైది చదివి, రెండో వరుసలో దాన్ని పెంచొచ్చు, మార్చొచ్చు, పూర్తిగా కొత్తది రాయొచ్చు. నాలుగు విడతలు, ఇరవై నిమిషాలు. టేబుల్‌కి 48 గళ్లు నిండుతాయి, వాటిలో చాలావరకు ఒకేలా ఉంటాయి. కంగారుపడొద్దు.

అసలు విషయం మూడో విడతలో జరుగుతుంది. ఒక కాగితంలో మొదట "అర్జెంట్ ముద్ర వాడకం తగ్గించాలి" అని ఉందనుకోండి. రెండో మనిషి "ఆసుపత్రి ఆర్డర్లకి మాత్రమే అర్జెంట్" అని కింద రాస్తారు. మూడో మనిషి, మీటింగుల్లో ఎప్పుడూ మాట్లాడని ప్యాకింగ్ అబ్బాయి, "ఆసుపత్రివి ఎర్ర ట్రేలో వేస్తే బిల్లు చదవకుండానే తెలుస్తుంది" అని రాస్తాడు. ఎవరూ ఎవరినీ ఆపలేదు, ఎవరూ ఎవరినీ అడగలేదు.

తర్వాత పదిహేను నిమిషాల్లో టేబుల్ వాళ్లు మాట్లాడుకుని రెండే రెండు ఎంచి పెద్ద అక్షరాలతో గోడకి అంటిస్తారు. ఆరు టేబుళ్లకి పన్నెండు. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది: చిన్న ఆఫీసులో చేతిరాత అందరికీ తెలుసు కాబట్టి ఇది గుట్టుగా ఉండదు. మేనేజర్ ప్రవర్తన లాంటి సున్నితమైన విషయాలకి వాడొద్దు.

ఒకాయన ఆపకుండా మాట్లాడుతున్నారు, సీనియర్ కూడా. ఏం చేయాలి?

అందరి ముందూ "సార్, మిగతావాళ్లకి కూడా అవకాశం ఇవ్వండి" అంటే ఆయన నొచ్చుకుంటారు, నెమ్మదస్తులు ఇంకా ముడుచుకుంటారు. దానికి బదులు పద్ధతి మార్చండి. "ఇక నుంచి ఎవరి మాట వాళ్లు చెప్పకూడదు, మీ జంట ఏమన్నారో చెప్పాలి" అని అందరికీ ఒకే రూల్ పెట్టండి. అప్పుడు ఆయన పక్కవాళ్ల మాట వినక తప్పదు. చెప్పాక "మీరన్నది ఇదేనా?" అని జంటను చూసి అడగాలి. నెమ్మదస్తులకి ఒక్క తల ఊపుతో పని అయిపోతుంది.

ఎవరైనా "నేను చెప్పేదేం లేదు" అంటే?

"సరే" అని ముందుకు వెళ్లండి. వెంటపడొద్దు. "ఏం సుజాతా, నువ్వేం చెప్పవా?" అని పేరు పెట్టి పిలిస్తే, ఆ పూటకి ఆమె నుంచి ఇంకేమీ రాదు. టీ విరామంలో పక్కకెళ్లి మామూలుగా మాట్లాడండి, ఏదైనా చెప్తే "ఇది రాసి గోడ మీద పెట్టనా?" అని అడగండి.

అంతా ఫిర్యాదుల వైపు వెళ్తోంది. ఆపాలా?

పదిహేను నిమిషాలు ఆపొద్దు, లోపలుంది బయటికి రావాలి. ఆ తర్వాత కూడా అదే నడుస్తుంటే ఒక చార్ట్ మీద "ఈరోజు మన చేతిలో లేనివి" అని రాసి అక్కడ అంటించమనండి. ఆ చార్టును పారేయకూడదు, పెద్దాయనకి ఇవ్వాలి.

ఓట్లు వేయిస్తే అందరూ బాస్‌కి నచ్చినదానికే వేస్తున్నారు.

స్టికర్లు నేరుగా అంటించమంటే అలాగే అవుతుంది. మొదటివాళ్లు ఎక్కడ పెడితే మిగతావాళ్లు అక్కడే. అందుకే ముందు చిన్న చీటీ మీద తమకు నచ్చిన మూడు నంబర్లు రాసుకోమనండి, రాశాక మార్చకూడదు. తర్వాత అందరూ ఒకేసారి లేచి అంటించాలి. ఓట్లు సగం సగం చీలితే రెండూ ఉంచుకోండి, మూడు మాత్రం దాటొద్దు.

## ముగింపు, ఆ తర్వాత

చివరికి చేతికి ఏం రావాలి?

రెండు మూడు కాగితాలు, ఒక్కోదాని మీద నాలుగు విషయాలు: ఏం చేస్తాం, ఎవరు చూసుకుంటారు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది.

"విభాగాల మధ్య కమ్యూనికేషన్ మెరుగుపరచాలి" అని రాస్తే సోమవారం ఉదయం ఎవరికీ ఏం చేయాలో తెలియదు. మందుల ఆఫీసుకి పనికొచ్చే కాగితం ఇలా ఉంటుంది: "వచ్చే సోమవారం నుంచి రెండు వారాలు, ఆసుపత్రి ఆర్డర్లు మాత్రమే ఎర్ర ట్రేలో. మిగతా వేటిమీదా అర్జెంట్ అని రాయం. ఏది ఎర్ర ట్రేలోకి వెళ్లాలో సందేహం వస్తే గోడౌన్ సూపర్‌వైజర్ మాటే ఫైనల్. 11 లోపు వచ్చి ఆ రోజు వెళ్లని ఆర్డర్లను బిల్లింగ్‌లో ఒకరు రోజూ సాయంత్రం లెక్కపెట్టి బోర్డు మీద రాస్తారు." శాశ్వతంగా మారుస్తాం అంటే జనం భయపడతారు, రెండు వారాలంటే ఒప్పుకుంటారు.

ఈ రెండు వారాల ముందు, కనీసం మూడు రోజులైనా, ఇప్పుడు రోజుకి ఎన్ని ఆగిపోతున్నాయో లెక్క రాసిపెట్టుకోవడం మర్చిపోవద్దు. అది లేకపోతే తర్వాత "నాకైతే బాగానే అనిపించింది" అనే వాదనలే మిగులుతాయి.

పని ఎవరికి అప్పగించాలి? ఐడియా చెప్పినవాళ్లకేనా?

ఇది ఒక ఉచ్చు. చెప్పినవాళ్ల నెత్తినే పని పడితే వచ్చేసారి ఎవరూ చెప్పరు. నెమ్మదస్తులకైతే ఇంకా భారం, అందరినీ అడిగి పని చేయించుకోవాల్సి వస్తుంది కాబట్టి. "దీన్ని ఎవరు చూసుకుంటారు?" అని అడిగి కాసేపు ఆగండి. ఎవరూ ముందుకు రాకపోతే ఆ పని పక్కన పెట్టేయండి. ఎవరికీ అక్కర్లేని పనిని ఓట్లు కాపాడలేవు.

తర్వాత ఏం చేయాలి?

ఆ కాగితాల ఫొటోలు ఆ సాయంత్రమే ఆఫీస్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టండి, అందంగా టైప్ చేయించాలని మూడు రోజులు ఆపొద్దు. రెండు వారాలకి ఇరవై నిమిషాలు నిలబడే కలవండి. బోర్డు మీద అంకెలు చూసి ఉంచుకుందామా, మారుద్దామా, మానేద్దామా అన్నది తేల్చండి. అక్కడ కూడా ముందు చీటీ, తర్వాత మాట.

నెమ్మదస్తులకి నిజంగా చోటు దొరికిందని ఎలా తెలుస్తుంది?

అందరూ నవ్వుతూ దిగిన గ్రూప్ ఫొటోతో తెలియదు. గోడమీది పన్నెండు ఆలోచనలు ఎవరి కాగితాల్లోంచి వచ్చాయో చూసుకోండి, బయటికి చెప్పక్కర్లేదు. అన్నీ ఎప్పుడూ మాట్లాడే ఐదుగురివే అయితే టేబుల్‌లో ఎంచుకునే దశలో ఏదో తేడా కొట్టినట్టు. వచ్చేసారి అక్కడ కూడా ముందు చీటీ ఓట్లు పెట్టండి.

మేం ఎనిమిది మందిమే. మరి అరవై మంది ఉంటే? కొందరు ఇంటి నుంచి పని చేస్తే?

ఎనిమిది మందికి రెండు టేబుళ్లు, మిగతాదంతా ఇలాగే, మూడు గంటల్లో అయిపోతుంది. అరవై మందిని ఒకే గదిలో పెట్టకండి, రెండు రోజులు వేర్వేరు బ్యాచ్‌లుగా చేయండి. ఇంటి నుంచి పని చేసేవాళ్లు కొందరే ఉంటే వాళ్లని గదిలో స్క్రీన్ మీద పెట్టి మర్చిపోవడం ఖాయం. వాళ్లందరినీ కలిపి ఆన్‌లైన్‌లోనే ఒక టేబుల్ చేయండి, కాగితాలకి బదులు అందరూ రాయగలిగే ఒక గూగుల్ షీట్ ఇవ్వండి, గదిలోంచి ఒకరు ల్యాప్‌టాప్‌తో ఆ టేబుల్‌లో చేరాలి. వాళ్లు ఎంచిన రెండు ఆలోచనల్ని గోడకి అంటించే బాధ్యత ఆ మనిషిదే.